నాలుగు కిలోల పెనం

ఆ గురువారం పొద్దున్న మా ఆయన ఇంట్లో చేసిన చివరి పని, పిండి గిన్నె ఫ్రిజ్‌లోంచి తీసి గట్టు మీద పెట్టడం. ఐదు కావస్తుండగా పడకగది గుమ్మంలో నిలబడి రోజూ చెప్పే మాటే చెప్పాడు.

"పిండి బయటెట్టేను. ఎల్తన్నాను."

"ఊఁ," అన్నాను. కళ్ళు తెరవలేదు. వంటింట్లోంచి అగరొత్తి వాసన వస్తోంది. మెట్ల మీద చెప్పుల చప్పుడు, కింద స్కూటర్ రెండుసార్లు మొరాయించి మూడోసారికి అందుకోవడం, మలుపు తిరిగాక ఆ శబ్దం గాలిలో కలిసిపోవడం, ఇవన్నీ నిద్రలోనే విన్నాను.

ఎనిమిదిన్నరకి ఫోన్ వచ్చింది, టిఫిన్‌కి లేవకముందే పని దగ్గర కుప్పకూలిపోయాడని. నేను వెళ్ళేసరికి ఆయన్ని ఆస్పత్రిలో పడుకోబెట్టి ఉన్నారు. చొక్కా జేబులో నల్ల ఇసక ఇంకా ఉంది. కుర్ర డాక్టరు ఒకాయన కాగితం మీద రాసుకుంటూ అడిగాడు.

"పొద్దున్న ఏమైనా తిన్నారా అమ్మా?"

"లేదండీ. టీ తాగి వెళ్తారు. రాత్రి తొమ్మిదింటికి తిన్నారు."

పక్కన నిలబడ్డ ఆయన మేనత్త ఆ మాట పట్టుకుంది. "ఖాళీ కడుపుతో పంపించీసేవా తల్లీ," అంది. తిట్టలేదు. ఏడుస్తూనే అంది. కానీ ఆ మాట నాలో దిగబడిపోయింది. వచ్చిన వాళ్ళు ఏం ఓదార్చినా నాకు అదొక్కటే వినబడేది. ఇరవై ఆరేళ్ళు కాపురం చేసిన మనిషి ఖాళీ కడుపుతో వెళ్ళిపోయాడు.

ఆయన పేరు తాతబాబు. ఆటోనగర్‌లో ఒక చిన్న ఫౌండ్రీలో మోల్డర్. అంటే, తడి ఇసకలో అచ్చు తీసి, ఆ ఖాళీలో కరిగిన ఇనుము పోయించే పని. ఎండ ముదరకముందే పోత అయిపోవాలని వాళ్ళకి ఆరింటికే పని మొదలు. ఊళ్ళో మ్యాన్‌హోల్ మూతలు, పంపుల తొడుగులు, ఓడల రేవులో తాళ్ళు కట్టే దిమ్మెలు, ఇలాంటివన్నీ ఆయన చేతి మీదుగా వెళ్ళేవి. బస్సులో వెళ్తుంటే కిటికీలోంచి వేలు చూపించి, "అది నాదే," అనేవాడు. చూస్తే రోడ్డు మధ్యలో మ్యాన్‌హోల్ మూత.

"మీ పేరేమైనా రాసి ఉందా దాని మీద?" అనేదాన్ని.

"పేరెందుకే? నాకు తెలుసు గదా."

కానీ ఇరవై ఏడేళ్ళు ఇనుము పోసిన మనిషికి ఇంట్లో తనదని చూపించుకోవడానికి ఒకే ఒక్క వస్తువు ఉండేది. మా దోసెల పెనం.

మాది తూర్పు గోదావరి. మా నాన్న పోర్టులో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను చదువుకున్నదీ, శాఖా గ్రంథాలయంలో చిన్న ఉద్యోగం తెచ్చుకున్నదీ ఇక్కడే. పెళ్ళై మల్కాపురంలో ఈ రెండు గదుల వాటాలోకి వచ్చిన కొత్తలో నేను వేసిన దోసెలు చూసి ఆయన, "పెనం పల్సగుంది. పొయ్యి మజ్జనే మాడతంది, అంచులు ఉడకట్లేదు. మంచిది పోసి తెత్తానుండు," అన్నాడు. ఒక శనివారం పోత అయ్యాక మిగిలిన ఇనుముతో యజమానిని అడిగి పోసుకున్నాడట. గోనెసంచిలో చుట్టి, స్కూటర్ ముందు కాళ్ళ దగ్గర పెట్టుకుని తెచ్చాడు. గట్టు మీద దింపితే గట్టు అదిరింది.

"ఎంత బరువండీ ఇది?"

"నాలుక్కేజీలు. బజార్లో దొరికీవి రెండున్నర ఉంటాయి. ఇది మన మనవల దాకా ఉంటాది."

"అప్పటి దాకా ఎత్తడానికి నేనుండాలి కదా," అన్నాను. ఆ ముక్క నవ్వుతూనే అన్నాను. అప్పుడు నా మణికట్టు బాగానే ఉంది.

కొత్త పెనం మీద మొదటి నెల మేం తిన్నవి దోసెలు కావు, దోసె పెంకులు. ఇసక అచ్చులోంచి వచ్చిన ఇనుము కదా, పైనంతా గరుకు. బియ్యం కడుగునీళ్ళలో నానబెట్టాను, ఉల్లిపాయ సగం కోసి నూనెలో ముంచి రుద్దాను, అయినా ప్రతి దోసె గరుకులో ఇరుక్కుని ముక్కలయ్యేది. ఆయన రోషం పట్టలేక పెనాన్ని ఇనుము చెక్కే లేత్ మిషన్ దగ్గరకి తీసుకుపోయాడు. అక్కడ పనిచేసే దొరబాబు ఆయనకి ప్రాణస్నేహితుడు. ఏ చుట్టరికం లేకపోయినా ఒకర్నొకరు బావా అనే పిలుచుకునేవారు. ఇద్దరూ కలిసి దాని మొహం లేత్ మీద చదును చేసి, అంతటితో ఆగక, ఎమెరీ గుడ్డలు మార్చి మార్చి రోజంతా రుద్ది మెరుగు పెట్టారు. సాయంత్రం ఇద్దరూ కలిసి తెచ్చి నా ముందు పెట్టారు.

"సూడమ్మా సెల్లెమ్మా," అన్నాడు దొరబాబు. "బొట్టెట్టుకోవచ్చు దీన్లో."

నిజమే, నా మొహం కనబడింది. మర్నాడు పొద్దున్న నూనె రాస్తే నూనె ఆ అద్దం మీద చుక్కలు చుక్కలుగా విడిపోయి జారిపోయింది. వారం రోజులు నూనె పట్టించి కాల్చినా, ఏర్పడ్డ నల్ల పొర కాస్తా అట్లకాడ తగలగానే పొలుసులు పొలుసులుగా లేచిపోయింది. దోసె మునుపటికన్నా గట్టిగా అంటుకుంది. ఇనుము పని చేసే వాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యలేని పొరపాటు అది. మామూలు మనిషికి పెనాన్ని అద్దంలా చేసే మిషన్ ఎక్కడ దొరుకుతుంది?

ఆయన రెండు రోజులు ఆలోచించాడు. మూడో రోజు గట్టు మీద పెనం పెట్టుకుని, ముతక ఎమెరీ కాగితంతో తనే ఆ మెరుగంతా గుండ్రంగా గీకడం మొదలుపెట్టాడు.

"ఏం చేస్తున్నారండీ? అంత కష్టపడి నునుపు చేయించి!"

"మరీ నునుపైపోతే నూనె ఏటి పట్టుకుని ఉంటాదే? కొంచెం గరుకుండాల. మరీ గరుకుంటే దోసె పట్టుకుంటాది. ఈ రెంటికీ మజ్జన ఉంటాది సూడు, అదీ లెక్క."

ఆ మధ్య ఏదో ఆయన చేతికి దొరికింది. పప్పునూనె గుడ్డతో రాసి, రాసినట్టే కనబడనంత పల్చగా తుడిచేసి, పొగ వచ్చేదాకా కాల్చి, చల్లార్చి, మళ్ళీ రాసి, అలా ఆరు సార్లు. నూనె ఎక్కువైతే జిడ్డుగా బంక కడుతుందనీ, పల్చటి పొరలైతేనే గట్టిపడతాయనీ నాకు చెప్పింది ఆయనే. ఆ తరవాత ఇరవై ఏళ్ళ పైన ఆ పెనం మీద దోసె అంచు లేపితే చాలు, మిగతాది దానంతట అదే లేచేది. కాసిని నీళ్ళు చిలకరిస్తే చుయ్యిమని చల్లబడేది, గుడ్డతో తుడిచి పిండి వేస్తే గరిటె తిప్పినట్టల్లా పరుచుకునేది. అంచు నుంచి నడుమ దాకా ఒకే ఎరుపు. దాని మీద చపాతీ కాల్చనిచ్చేవాడు కాదు. పొడి పిండి నూనె పొరని తినేస్తుందని. వంజరం చేప ముక్కలు అసలే వేయనిచ్చేవాడు కాదు. వాటికి మూకుడు వేరే.

నాలుగు గంటలకి లేచి ఆయనకి మూడు దోసెలు వేసి పెట్టడం, తిని స్కూటర్ ఎక్కడం. అదీ మా పొద్దు.

మూడున్నరేళ్ళ కిందట గ్రంథాలయంలో పై అరలోంచి పాత సంపుటాలు తీస్తూ స్టూలు మీంచి పడ్డాను. కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. కట్టు విప్పాక ఎముక అతుక్కుంది గానీ పట్టు రాలేదు. నీళ్ళ చెంబు ఎత్తితేనే బొటనవేలి దగ్గర్నించి మోచేతి దాకా తీగ లాగినట్టుండేది. బరువులు ఎత్తొద్దని డాక్టరు చెప్పాడు.

ఆయన ఆ రోజే తేల్చేశాడు. "నువ్వు నాలుగింటికి లేవకు. ఎనిమిదింటికి టిఫిన్ బ్రేకుంది, ఫౌండ్రీ ఎదురుగా ఇడ్లీ బండుంది, తింటాను. నువ్వు పడుకో."

"ఖాళీ కడుపుతో ఆ నిప్పు దగ్గరకా?"

"టీ తాగుతాను గదా."

ఇక పెనం సంగతి. ఎత్తలేను కదా, ఎత్తక్కర్లేకుండా చేస్తానని పెనాన్ని పొయ్యి ఎడమ బర్నర్ మీద శాశ్వతంగా పెట్టేశాడు. మా వంటిల్లు చూసినవాళ్ళకి తెలుస్తుంది అదెంత గొప్ప ఉపాయమో. ఇద్దరు నిలబడితే మూడోవాళ్ళు ఫ్రిజ్ తలుపు తియ్యలేరు. గట్టు మీద రెండు బర్నర్ల పొయ్యి, మిక్సీ, నీళ్ళ బిందె, అంతే. ఉన్న రెండు బర్నర్లలో ఒకటి పెనానికి రాసిచ్చేస్తే, అన్నం, కూర, చారు, పాలు, టీ అన్నీ రెండో దాని మీద వంతులు కట్టాలి. పది రోజులు చేశాను. పదకొండో రోజు పాలు కాచేలోపు అన్నం ఆలస్యమై, ఆఫీసుకి ఆలస్యమై, సాయంత్రం ఆయన రాగానే అందుకున్నాను.

"మీ పెనం కాపురం పెట్టుకుంది పొయ్యి మీద. నేను ఎక్కడ వండను?"

 పెనాన్ని దింపి గోడకి ఆనించి నిలబెట్టాడు.

ఆ వారమే మా అమ్మాయి ఆశాజ్యోతి ద్వారకా నగర్ నుంచి నాన్‌స్టిక్ పెనం తెచ్చింది. అక్కడ కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతుంది. ఆ పెనం ముప్పావు కిలో కూడా లేదు. ఎడంచేత్తో ఎత్తి పేకముక్కలా తిప్పాను. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని, తిరగేసి, గోటితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"అల్యూమినియం," అన్నాడు, దూరపు చుట్టాన్ని గుర్తుపట్టినట్టు.

"ఇంకేం చెప్పింది నాన్నా?" అంది ఆశ.

"ఏటీ సెప్పనేదు. అల్యూమినియం మాటాడదు."

నిజం చెప్పాలి. ఆ పెనంతో నా ప్రాణం హాయిగా ఉండేది. రెండు నిమిషాల్లో వేడెక్కేది. చుక్క నూనె చాలు. కడగడం కూడా మెత్తటి స్పాంజితో ఒక్క తుడుపు. చెక్క అట్లకాడ కొనుక్కున్నాను. మంట తగ్గించి వెయ్యాలని, ఖాళీ పెనాన్ని పెద్ద మంట మీద వదిలెయ్యకూడదని, కాలుతున్నప్పుడు నీళ్ళు చిలకరిస్తే అడుగు వంకర పోతుందని ఒక్కొక్కటీ నేర్చుకున్నాను. వేడి ఎక్కువైతే పిండి పెనానికి పట్టకుండా గరిటెతో పాటే ఊడి వచ్చేది. అప్పుడు దింపి కాసేపు ఆగాలి. దోసె మాత్రం చక్కగా వచ్చేది. తెల్లగా, మెత్తగా, మధ్యలో కాస్త ఎరుపు.

ఆయన తినేవాడు. బాగుందనేవాడు. కానీ తింటూ గోడ వైపు చూసేవాడు. మా ఊళ్ళో ఇనుముకి గోడ వారన ఉండడం మంచిది కాదు. సముద్రపు గాలి. కిటికీ చువ్వలకి ఏటా రంగు వెయ్యాలి, తాళాలకి నెలకోసారి నూనె. పదిహేను రోజులు తిరిగేసరికి పెనం మీద నారింజ రంగు చుక్కలు లేచాయి.

అది చూసిన రోజు ఆయన మొహం చూశాను. నాకు జాలేసింది, కోపమూ వచ్చింది.

"ఆదివారం పందెం పెట్టండి," అంది ఆశ. "రెండు పెనాలు, ఒకే పిండి. ప్రేమలీలత్త జడ్జి."

ప్రేమలీల మా ఎదుటి వాటాలో ఉంటుంది. అంగన్‌వాడీ టీచరు. మా వంటింటి కిటికీకీ, వాళ్ళ వంటింటి కిటికీకీ మధ్య చెయ్యి చాపితే అందేంత సందు. మా చట్నీలు, వాళ్ళ క్రిస్మస్ కేకు ఆ చువ్వల మధ్యనుంచే రాకపోకలు సాగిస్తాయి. మా ఆయన్ని అన్నయ్యా అంటుంది, నన్ను వదినా అంటుంది. తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి ఆ కిటికీ దగ్గరే ప్రార్థన చేసుకుంటుంది.

ఆదివారం ఆయన ఉప్పూ నూనే కలిపి పెనం మీది తుప్పంతా రుద్ది తీశాడు. ఒక పొర నూనె కాల్చాడు. ఆ తొందరలో, చిన్న మంట మీదే కాల్చాలని ఇరవై ఏళ్ళు నాకు చెప్పింది తనే మర్చిపోయి, మంట పెద్దది పెట్టాడు. పక్క బర్నర్ మీద ఆశ నాన్‌స్టిక్ పెట్టింది. నేను గుమ్మంలో, ప్రేమలీల కిటికీలో.

ఆశ దోసె రెండు నిమిషాల్లో ప్లేటులోకి జారింది. ఆయన పెనం ఇంకా వేడెక్కుతోంది.

"అన్నయ్యా, మద్యాన్నానికవుద్దా?" అంది ప్రేమలీల.

"ఉండవే. పోత పోసీటప్పుడు తొందరపడకూడదు."

పిండి పోశాడు. గుండ్రంగా పరుచుకుంది. వాసన గుమ్మందాకా వచ్చింది, అసలైన వాసన. అంచులు ఎర్రబడ్డాయి. అట్లకాడ పెట్టాడు. అంచు లేచింది, నడుమ లేవలేదు. ఇంకోవైపు నుంచి పెట్టాడు. మధ్యలో చిరిగింది. చివరికి మూడు ముక్కలుగా గీకి తీశాడు.

ఎవరూ నవ్వలేదు. ఆశ కూడా. ఆయన ఆ మూడు ముక్కలూ చేతిలోకి తీసుకుని నిలబడే తినేశాడు.

"రెండోది బాగొస్తాది," అన్నాడు. వచ్చింది కూడా. మూడోది ఇంకా బాగా వచ్చింది, కరకరలాడుతూ. ప్రేమలీల తిని కళ్ళు మూసుకుంది. "ఎరుపులో అన్నయ్యది. సుకంలో వదినది. నన్ను తగువులో పెట్టకండి," అంది.

అప్పుడు నేను తీర్పు చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

"వారమంతా నాన్‌స్టిక్. ఆదివారం మీ పెనం. కానీ ఇంకొక్కసారి దాని మీద తుప్పు కనబడినా, దోసె అంటుకున్నా అటకెక్కిస్తాను. నాకు ఓపిక లేదండీ."

మా అటక మీద ఇనుము పెట్టడమంటే ఏమిటో ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. అక్కడ పెట్టిన కత్తిపీట రెండేళ్ళకి పొడిపొడిగా దిగింది. పేరులేని మూతలూ దిమ్మెలూ లారీల్లో వెళ్ళిపోగా మిగిలిన ఆ ఒక్క పెనం అటకెక్కితే ఆయనకి ఇంట్లో చూపించుకోవడానికి ఏమీ ఉండదు.

"అలగే," అన్నాడు. "అంటుకోదు. సూడు నువ్వు."

అంటుకోలేదు. మూడేళ్ళ పాటు ఒక్క ఆదివారం కూడా అంటుకోలేదు. ఆయనే పెనం ఎత్తి పొయ్యి మీద పెట్టేవాడు, చిన్న మంట మీద పది నిమిషాలు ఓపిగ్గా వేడెక్కించేవాడు, నేను వేసేదాన్ని, ఆయనే దింపేవాడు. మొదటి దోసె నుంచీ అంచు తాకితే లేచేది. వానాకాలంలో తలుపు గొళ్ళాలే పట్టేస్తుంటే, ఆ పెనం మీద చుక్కంత తుప్పు లేదు. నల్లగా, పట్టులా ఉండేది. వారానికొక్క రోజు వాడినా చెక్కు చెదరని పెనమని గ్రంథాలయంలో అందరికీ చెప్పుకున్నాను.

"ఏం చేస్తున్నారండీ దీనికి?" అని ఒకసారి అడిగాను.

"నానేటి సేత్తాను? మంచి ఇనుం, అంతే."

ఈలోగా ఆశ తెచ్చిన మొదటి నాన్‌స్టిక్ పూత ఏడాదిన్నరకి అరిగి, దోసె అక్కడక్కడ పట్టుకోవడం మొదలెట్టింది. రెండోది కొన్నాం. పాతదాన్ని పారేస్తుంటే ఆయనే ఆపాడు. "పాపం, దానికి ఆ పూతే గదే పేణం," అని, పిడి విప్పేసి, నీళ్ళ డ్రమ్ము మీద మూతగా పెట్టాడు. ఇప్పటికీ అక్కడే ఉంది.

ఆ మూడేళ్ళలోనే ఆయనకి ఇంకో కొత్త అలవాటు వచ్చింది. పండగలకి కూడా దేవుడి ముందు నిలబడమంటే నసిగే మనిషి, పొద్దున్నే పనికి వెళ్ళేముందు వంటింట్లో దేవుడి గూటి దగ్గర అగరొత్తి వెలిగించడం మొదలుపెట్టాడు. నేను ఏడింటికి లేచేసరికి బూడిద రాలి ఉండేది. యాభై దాటాక భక్తి వచ్చిందని మా అక్కచెల్లెళ్ళకి ఫోన్లో చెప్పి నవ్వాను. పిండి గిన్నె కూడా రోజూ తనే బయట పెట్టి వెళ్ళేవాడు. చల్లటి పిండి పెనం మీద సరిగా పరుచుకోదు కదా, నేను లేచేసరికి చల్లదనం విరిగి ఉంటుందని పెడుతున్నాడనుకున్నాను. నా మీద ఎంత ఆపేక్షో అనుకున్నాను.

ఆయన పోయాక పెద్దదినం అయ్యేదాకా ఇంట్లో పెనం పెట్టలేదు. చుట్టాలు వండి తెచ్చిందే తిన్నాం. వాళ్ళంతా వెళ్ళిపోయాక, ఆశ మళ్ళీ పనికి వెళ్ళడం మొదలుపెట్టాక, ఒక ఆదివారం వచ్చింది. పిండి నేనే రుబ్బాను. ఆ పెనం మీద ఒక దోసె వేసి ఆయన ఫోటో ముందు పెడదామనుకున్నాను. పాపం, ఖాళీ కడుపుతో వెళ్ళాడు.

పెనం ఎప్పటిలాగే గోడ వారన, నూనె గుడ్డ కప్పి నిలబెట్టి ఉంది. ఆ పదిహేడు రోజులూ ఎవరూ దాన్ని కదపలేదు. ఎడంచేయి కింద పెట్టి, కుడిచేత్తో ఊతం ఇచ్చి, ఎలాగో పొయ్యి మీదకి చేర్చాను. గుడ్డ తీసి చూస్తే, పెనం నిండా నారింజ చుక్కలు. నడుమ అరచేయంత మేర పూర్తిగా ఎర్రబారింది.

తుడిచాను. ఉప్పు వేసి రుద్దాను. నూనె రాసి, చిన్న మంట మీద, ఆయన పెట్టినట్టే పది నిమిషాలు పెట్టాను. పిండి పోశాను. అంచు లేవలేదు. నడుమ లేవలేదు. గీకుతుంటే మణికట్టు లాగింది. అట్లకాడ వదిలేసి గట్టు పట్టుకుని నిలబడ్డాను.

ఎదుటి కిటికీలో ప్రేమలీల గిన్నెలు కడుగుతోంది. చర్చికి బయల్దేరడానికి తయారై, కొంగు దోపుకుని ఉంది.

"ఏటైంది వదినా?"

"తుప్పు పట్టింది ప్రేమలీలా. మూడేళ్ళు వారానికొక్కసారి వాడితే పట్టని తుప్పు, రెండు వారాలకే పట్టేసింది. ఆయనతోనే పోయినట్టుంది దీని ప్రాణం కూడా."

ఆమె చేతిలో గిన్నె కింద పెట్టింది.  పంపు కట్టేసింది.

"వారానికొక్కసారి కాదు వదినా," అంది.

నాకు అర్థం కాలేదు.

"రోజూ ఏసీవోడు. నాను పేర్దనకి లేచీసరికి అన్నయ్య పొయ్యి ముట్టించీవోడు. ఒక్క అట్టు. సిన్నది. తినీసి, పెనం తుడిసి, నూనె రాసి గోడకెట్టీసీవోడు. రోజూ ఒక అట్టు పడితే ఇనుం ఉసారుగుంటాదంట. మానీస్తే తుప్పట్టీద్దంట, నువ్వు అటకెక్కించీస్తావంట. వదినకి సెప్పకే అన్నాడు. నాను పేర్దనలో ఉన్న మనిసిని, అబద్దం ఆడలేను గానీ, అడక్కపోతే సెప్పక్కర్లేదు గదా అని ఊరుకున్నాను."

"వాసన రాలేదేం నాకు? పక్క గదిలోనే కదా పడుకునేది."

"అందుకే గదా అగరొత్తి."

నేను గూటి వైపు చూశాను. అగరొత్తుల పెట్టె అక్కడ లేదు. వంగి చూస్తే గట్టు కింద, పప్పునూనె సీసా పక్కన ఉంది.

ఆ పెట్టె తీసి గట్టు మీద పెట్టి అడిగాను. "ఆ గురువారం కూడానా?"

"ఆ రోజు కూడా," అంది ప్రేమలీల. "ఆ రోజు రెండు తిన్నాడు వదినా."